బ్యాటరీ స్క్రీన్‌షాట్‌లో అన్నిటికన్నా పైనున్న యాప్‌నే తీసేయాలా?

స్వాతి_వి · సోమవారం, సాయంత్రం 6:20

అందరికీ నమస్కారం. నా ఫోన్‌కి రెండేళ్ళు దాటాయి, ఆండ్రాయిడ్ 14. ఇవాళ పొద్దున 7 గంటలకి 100 ఉండగా ఛార్జర్ తీశాను. ఇప్పుడు 38 చూపిస్తోంది. మధ్యలో ఛార్జింగ్ పెట్టలేదు. సెట్టింగ్స్‌లో బ్యాటరీ వాడకం పేజీ స్క్రీన్‌షాట్ తీశాను గానీ ఇక్కడ ఎక్కడం లేదు, అందుకే చూసి టైప్ చేస్తున్నాను.

యూట్యూబ్ 34% (స్క్రీన్ మీద 2 గం. 50 ని., వెనక 5 ని.)
వాట్సాప్ 12% (స్క్రీన్ మీద 1 గం. 20 ని., వెనక 25 ని.)
వాతావరణం యాప్ 11% (స్క్రీన్ మీద 2 ని., వెనక 6 గం. 40 ని.)
గూగుల్ ప్లే సర్వీసెస్ 9%
క్రోమ్ 6% (స్క్రీన్ మీద 40 ని.)
మొబైల్ నెట్‌వర్క్ 5%
కెమెరా 4%
మిగతావన్నీ ఒకటీ రెండూ.

యూట్యూబే తినేస్తోంది, తీసెయ్ అంటున్నాడు మా తమ్ముడు. నేను పాఠాలు వినేది అందులోనే, తీసేస్తే కుదరదు. సాయంత్రానికి కనీసం సగం మిగిలితే చాలు నాకు. వీటిలో దేని జోలికి వెళ్ళాలో చెప్పగలరా?

కిరణ్_టెక్ · సోమవారం, సాయంత్రం 6:31

మీ తమ్ముడు చెప్పింది కరెక్టే కదండీ, మూడో వంతు ఒక్క యూట్యూబే. తీయడం కుదరకపోతే రిజల్యూషన్ తగ్గించండి, బ్రైట్‌నెస్ తగ్గించండి. ఇంకో పని, వాడడం అయిపోగానే రీసెంట్స్‌లోకి వెళ్ళి అన్ని యాప్‌లూ పైకి తోసేయండి. ఆ తర్వాత ప్రతి యాప్‌కీ బ్యాటరీ సెట్టింగ్ రిస్ట్రిక్టెడ్‌లో పెట్టండి. నేను ఇలాగే చేస్తాను, రాత్రి దాకా వస్తుంది.

పద్మజ_ఆండ్రాయిడ్ · సోమవారం, సాయంత్రం 6:58

స్వాతి గారూ, ఏదీ తీయకండి ఇప్పుడే. ముందు ఒక చిన్న పని చేయండి. ఆ జాబితాలో కింది దాకా ఉన్న శాతాలన్నీ కూడి మొత్తం ఎంత వచ్చిందో చెప్పండి. స్క్రీన్ అనే వరుస విడిగా ఎక్కడైనా కనిపిస్తోందా అన్నది కూడా.

స్వాతి_వి · సోమవారం, రాత్రి 7:10

కూడాను అండీ. 100కి ఒకటి రెండు అటూ ఇటూ వచ్చింది. స్క్రీన్ అని విడిగా ఎక్కడా లేదు.

పద్మజ_ఆండ్రాయిడ్ · సోమవారం, రాత్రి 7:34

అయితే లెక్క తేలిక. అందరూ పొరబడే చోటు ఇదే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మీకు కనిపిస్తున్న 34% మొత్తం బ్యాటరీలో 34 కాదు, ఇప్పటిదాకా ఖర్చయిన దాంట్లో యూట్యూబ్ వాటా. మీకు ఖర్చయింది 100 నుంచి 38 దాకా, అంటే 62 పాయింట్లు. ఆ 62లో 34 శాతం అంటే సుమారు 21 పాయింట్లు. కొన్ని కంపెనీల ఫోన్లు మాత్రం వాటా కాకుండా నేరుగా మొత్తం బ్యాటరీలో ఎంత పోయిందో చూపిస్తాయి. ఆ ఫోన్లలో అన్నీ కూడితే 62 దగ్గర ఆగేది. మీది 100 వచ్చింది కాబట్టి ఇవి వాటాలే. కూడి చూడమన్నది అందుకే.

ఇక ఆ 21 పాయింట్లకి బదులుగా మీకేం దక్కిందో చూడండి. 2 గంటల 50 నిమిషాల వీడియో. అంటే గంటకి ఏడున్నర పాయింట్లు. స్క్రీన్ వెలుగుతూ, నెట్ నడుస్తూ, స్పీకర్ మోగుతూ ఉంటే రెండేళ్ళ బ్యాటరీకి అది మామూలు ఖర్చే. మీ జాబితాలో స్క్రీన్ వరుస లేదంటే స్క్రీన్ ఖర్చుని కూడా ఏ యాప్ తెరిచి ఉంటే దాని ఖాతాలోనే వేశారన్నమాట. యూట్యూబ్ పైన ఉన్నది మీరు ఎక్కువసేపు చూశారు కాబట్టి. దాని తప్పేం లేదు.

వాట్సాప్‌కి అదే లెక్క వేస్తే ఏడున్నర పాయింట్లు, గంటా ఇరవై నిమిషాల వాడకం. వీడియో కాల్ ఏదైనా మాట్లాడి ఉంటే అది కూడా సబబే.

మూడో వరుసకి రండి. వాతావరణం యాప్‌కి 11%, అంటే దాదాపు 7 పాయింట్లు. వాట్సాప్‌కి పోయినంత. మీరు దాన్ని చూసింది 2 నిమిషాలు. వెనక నడిచింది 6 గంటల 40 నిమిషాలు. ఈ జాబితాలో మీరు అడగకుండా జరిగిన పని ఇదొక్కటే. నేనైతే దీన్నే పట్టుకుంటాను.

కిరణ్_టెక్ · సోమవారం, రాత్రి 7:41

7 పాయింట్ల దాన్ని పట్టుకుని 21 పాయింట్ల దాన్ని వదిలేయమంటారా? లెక్క ప్రకారం యూట్యూబ్‌లో సగం తగ్గించినా పది పాయింట్లు మిగులుతాయి.

పద్మజ_ఆండ్రాయిడ్ · సోమవారం, రాత్రి 7:55

మిగులుతాయి, కాదనను. బ్రైట్‌నెస్ తగ్గించమని మీరన్న మాట కూడా మంచిదే, బయట ఎండలో చూసేవాళ్ళకి అక్కడే ఎక్కువ పోతుంది. కానీ ఆవిడ పాఠాలు తగ్గించుకుంటేనే ఆ పది పాయింట్లు వస్తాయి. వాతావరణం దగ్గర పోతున్న ఏడూ ఆపితే ఆవిడకి ఏ లోటూ ఉండదు. నేను జాబితాని పై నుంచి కిందికి చదవను. ప్రతి వరుసలోనూ ఖర్చుని, స్క్రీన్ మీద వాడిన సమయాన్ని పక్కపక్కన పెట్టి చూస్తాను. రెండిటికీ పొంతన లేని చోట ఆగుతాను.

వెనక ఎక్కువసేపు నడవడమే తప్పనీ కాదు. పాటలు వింటూ స్క్రీన్ ఆపేస్తే ఆ మూడు గంటలూ వెనక సమయంలోకే వెళ్తాయి. దారి చూపించే మ్యాప్ కూడా అంతే. అది మీరు అడిగిన పని.

రీసెంట్స్‌లోంచి తోసేయడం గురించి మాత్రం ఒక మాట. పదే పదే వాడే యాప్‌ని తోసేస్తే తర్వాత తెరిచినప్పుడు అది మొదటి నుంచి లోడ్ అవ్వాలి. ఆ పనికి మళ్ళీ ప్రాసెసర్, మళ్ళీ నెట్. పది నిమిషాలకోసారి తెరిచే వాట్సాప్‌ని తోసేస్తూ ఉంటే మిగిలేది ఏమీ ఉండదు. అన్నిటినీ రిస్ట్రిక్టెడ్‌లో పెడితే మెసేజ్‌లు ఆలస్యంగా వస్తాయి, కొన్ని యాప్‌లలో మీరు తెరిచేదాకా అసలు రావు.

రమణ_మాస్టారు · సోమవారం, రాత్రి 8:05

అమ్మా పద్మజా, నా సంగతి కూడా కాస్త చూడండి. నా ఫోన్‌లో కెమెరా 58% చూపిస్తోంది! పొద్దున మనవరాలి ఫోటోలు నాలుగు తీశాను, అంతే. కెమెరా పాడైందేమో, సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్దామనుకుంటున్నాను.

పద్మజ_ఆండ్రాయిడ్ · సోమవారం, రాత్రి 8:09

మాస్టారూ, స్క్రీన్‌షాట్ తీసినప్పుడు బ్యాటరీ ఎంత ఉంది?

రమణ_మాస్టారు · సోమవారం, రాత్రి 8:14

96 ఉందమ్మా. అంతకు ముందే ఛార్జింగ్ నుంచి తీశాను.

పద్మజ_ఆండ్రాయిడ్ · సోమవారం, రాత్రి 8:22

అయితే మీ ఫోన్‌కి ఏమీ కాలేదు మాస్టారూ. ఖర్చయింది 4 పాయింట్లే. అందులో 58 శాతం అంటే రెండు పాయింట్ల చిల్లర. ఆ కాసేపట్లో మీరు చేసిన పెద్ద పని ఫోటోలు తీయడమే కాబట్టి సింహభాగం దానికే పడింది. ఛార్జర్ తీసిన కాసేపటికే చూస్తే ఎవరి ఫోన్‌లోనైనా ఏదో ఒక యాప్ ఇలాగే భయపెడుతుంది. కనీసం సగం బ్యాటరీ ఖర్చయ్యాక చూడండి. సర్వీస్ సెంటర్‌కి వెళ్ళాల్సిన పని లేదు.

ఇందు_కె · సోమవారం, రాత్రి 8:40

నాది ఐఫోన్. అందులో గత 24 గంటలు, గత 10 రోజులు అని రెండు విధాలుగా చూపిస్తుంది. నాకు హోమ్ అండ్ లాక్ స్క్రీన్ అనే వరుస 18% వస్తోంది. అది యాప్ కాదు కదా, దాన్ని ఎలా తగ్గిస్తాం?

పద్మజ_ఆండ్రాయిడ్ · సోమవారం, రాత్రి 8:52

ఇందు గారూ, యాప్ ఏదీ తెరవకుండా స్క్రీన్ వెలిగి ఉన్న సమయం అందులోకి వెళ్తుంది. నోటిఫికేషన్ వచ్చిన ప్రతిసారీ స్క్రీన్ వెలుగుతుంది కదా, అది కూడా అక్కడికే. మీకు గ్రూపు మెసేజ్‌లు ఎక్కువైతే ఏ గ్రూపులకి లాక్ స్క్రీన్ మీద నోటిఫికేషన్ అక్కర్లేదో చూసుకోండి. అక్కడే యాక్టివిటీ చూపించు అన్నది నొక్కితే ఒక్కో యాప్ స్క్రీన్ మీద ఎంతసేపు, వెనక ఎంతసేపు అన్నది వస్తుంది. స్వాతి గారికి చెప్పిన పద్ధతే మీకూ పనికొస్తుంది. 10 రోజుల లెక్కలో ఒక్క రోజు ప్రయాణం కలిసినా అంకెలు మారిపోతాయి కాబట్టి మామూలుగా గడిచిన రోజు 24 గంటల లెక్కే చూడండి.

స్వాతి_వి · సోమవారం, రాత్రి 9:02

పద్మజ గారూ, చాలా బాగా అర్థమైంది. వాతావరణం యాప్ ఫోన్‌తో పాటు వచ్చింది కాదు, నేనే వేసుకున్నాను. పైన నోటిఫికేషన్ల వరుసలో ఎప్పుడూ ఉష్ణోగ్రత అంకె కనిపిస్తూ ఉంటుంది, ఆ సౌకర్యం కోసమే. దాన్ని తీసేస్తే సరిపోతుందా? ప్లే సర్వీసెస్ 9% సంగతేంటి? అది తీయడానికి కూడా లేదు.

పద్మజ_ఆండ్రాయిడ్ · సోమవారం, రాత్రి 9:30

ఆ ఉష్ణోగ్రత అంకె గురించి చెప్పడం మంచిదైంది, చాలావరకు జవాబు అందులోనే ఉంది.

ఆండ్రాయిడ్ 8 నుంచీ వెనక ఉన్న యాప్ లొకేషన్ అడిగితే గంటకి కొద్దిసార్లు మాత్రమే ఇస్తుంది. ఫోన్ కదలకుండా పడుకుంటే వెనక పనులన్నీ కలిపి అప్పుడప్పుడూ మాత్రమే జరగనిస్తుంది. కానీ యాప్ ఒక శాశ్వత నోటిఫికేషన్ పెట్టి, నేను ఇప్పుడు పని చేస్తూనే ఉన్నాను అని సిస్టమ్‌కి చెప్పుకుంటే లొకేషన్ మీద ఆ కట్టడి వర్తించదు. మ్యూజిక్ ప్లేయర్, మ్యాప్, కాల్ యాప్‌ల కోసం పెట్టిన వెసులుబాటు అది. మీ యాప్ కూడా ఆ ఉష్ణోగ్రత నోటిఫికేషన్ పేరుతో అదే దారి వాడుకుంటోందని నా అనుమానం. వెనక 6 గంటల 40 నిమిషాలు రావడానికి కారణం అదే అయ్యుంటుంది.

ప్లే సర్వీసెస్ తన కోసం తాను చేసుకునే పని తక్కువ. మిగతా యాప్‌లు లొకేషన్ అడిగితే తెచ్చి ఇచ్చేది, నోటిఫికేషన్లు అందించేది అదే. లొకేషన్ తెమ్మన్నది వేరే యాప్ అయినా ఖర్చు కొంత దీని పేరు మీద పడుతుంది. అందుకే ఆ వరుస పెరిగినప్పుడు దాన్ని ఆపడం కాదు, దానికి పని చెప్తున్నది ఎవరో వెతకాలి.

అనుమానం నిజమో కాదో మీ ఫోన్‌లోనే చూడొచ్చు. సెట్టింగ్స్‌లో ప్రైవసీ డ్యాష్‌బోర్డ్ తెరిచి లొకేషన్ నొక్కండి. గత 24 గంటల్లో ఏ యాప్ ఎన్ని గంటలకి లొకేషన్ తీసుకుందో టైమ్‌తో సహా ఉంటుంది. అక్కడ ఏం కనిపించిందో చెప్పండి. యాప్ ఇప్పుడే తీయకండి, కారణం తెలిశాక తీయొచ్చు.

స్వాతి_వి · సోమవారం, రాత్రి 9:47

చూశాను. వాతావరణం యాప్ పేరే వరసగా ఉంది, పదేసి నిమిషాలకి ఒకసారి! నేను మధ్యాహ్నం ఒకే చోట కూర్చుని ఉన్న సమయంలో కూడా. మ్యాప్స్ పేరు ఒక్కసారి ఉంది, అది నేను వాడినప్పుడు.

కిరణ్_టెక్ · సోమవారం, రాత్రి 9:50

అది చాలా ఎక్కువ. వాతావరణం పది నిమిషాలకి మారదు కదా. దీన్ని మాత్రం రిస్ట్రిక్టెడ్‌లో పెట్టాల్సిందే, ఈసారి పద్మజ గారు కూడా కాదనరనుకుంటాను.

పద్మజ_ఆండ్రాయిడ్ · సోమవారం, రాత్రి 10:05

కాదనను. కాకపోతే రెండు మెట్లుగా చేద్దాం, దేని వల్ల తగ్గిందో తెలుస్తుంది. ముందు యాప్ లోపలి సెట్టింగ్స్‌లో ఆ శాశ్వత నోటిఫికేషన్ ఆపండి. తర్వాత లొకేషన్ అనుమతిని ఎల్లవేళలా నుంచి యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే అన్నదానికి మార్చండి. మీ ఊరి పేరు చేత్తో పెట్టుకునే వీలుంటే లొకేషన్ అసలు ఇవ్వకపోయినా నడుస్తుంది. రేపు కూడా పొద్దున 7కి తీసి సాయంత్రం 6కే చూడండి. వాడకం కూడా దాదాపు ఇవాళ్టిలాగే ఉంటే పోల్చడానికి బాగుంటుంది. అప్పటికీ తగ్గకపోతే రిస్ట్రిక్టెడ్.

కంప్యూటర్‌కి కలిపి చూసే అలవాటు ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఇలా కూడా చూడొచ్చు. చివర యాప్ ప్యాకేజీ పేరు మార్చుకోవాలి.

```
adb shell dumpsys batterystats --charged com.example.weather
```

ఇందులో `Wake lock` అన్న వరుసలు చూడండి. స్క్రీన్ ఆగి ఉన్నా ఫోన్‌ని నిద్రపోనివ్వకుండా ఆ యాప్ ఎంతసేపు పట్టుకుందో అక్కడ ఉంటుంది. స్వాతి గారికి ఇది అక్కర్లేదు, డ్యాష్‌బోర్డ్‌లో దొరికింది చాలు.

రాఘవరావు_పి · మంగళవారం, ఉదయం 8:15

నాదీ ఇలాంటి ఇబ్బందే. టెలిగ్రామ్ 9 జీబీ చూపిస్తోంది. బ్యాటరీ మధ్యాహ్నానికే అయిపోతోంది. అంత పెద్ద యాప్ కాబట్టే బ్యాటరీ తింటోందా? అన్‌ఇన్‌స్టాల్ చేస్తే రెండూ తీరతాయా?

ఇందు_కె · మంగళవారం, ఉదయం 8:33

రాఘవరావు గారూ, మీరు చూసింది స్టోరేజ్ పేజీ అండీ. జీబీలు అక్కడుంటాయి, బ్యాటరీ పేజీలో శాతాలు ఉంటాయి. ఫోన్‌లో 9 జీబీ ఫైళ్ళు పడి ఉన్నంత మాత్రాన బ్యాటరీ ఖర్చు కాదు.

పద్మజ_ఆండ్రాయిడ్ · మంగళవారం, ఉదయం 9:10

ఇందు గారు చెప్పింది నిజం. రెండూ వేరు వేరు ఇబ్బందులు. స్టోరేజ్ సంగతి క్లుప్తంగా చెప్తాను, మీ బ్యాటరీ అంకెలు ఇక్కడ పెడితే అది విడిగా చూద్దాం.

ఆ యాప్ పేరు నొక్కితే మూడు భాగాలు కనిపిస్తాయి. యాప్, డేటా, క్యాష్. మీ 9 జీబీలో యాప్ చాలా చిన్నది అయ్యుంటుంది. టెలిగ్రామ్‌లో మీరు చూసిన వీడియోలు, ఫోటోలు ఫోన్‌లో దాచుకుంటూ పోతుంది. ఆ యాప్ లోపలే డేటా అండ్ స్టోరేజ్‌లో స్టోరేజ్ యూసేజ్ తెరిచి అక్కడ ఖాళీ చేయండి. మామూలు చాట్‌లలోవి టెలిగ్రామ్ సర్వర్‌లో ఉంటాయి కాబట్టి మళ్ళీ కావాలంటే డౌన్‌లోడ్ అవుతాయి. ఎన్నాళ్ళు దాచాలో కూడా అక్కడే పెట్టొచ్చు.

వాట్సాప్‌కి మాత్రం ఇదే ధైర్యంతో వెళ్ళకండి. అక్కడ ఫోన్‌లో ఉన్న ఫోటో తీసేస్తే తిరిగి రాకపోవచ్చు. ఇంకో తిరకాసు కూడా ఉంది. ఇప్పటి ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ ఫోటోలూ వీడియోలూ అందరికీ కనిపించే ఫోల్డర్‌లో ఉంటాయి. అందుకని స్టోరేజ్ పేజీలో అవి వాట్సాప్ లెక్కలో కాకుండా ఫోటోలు, వీడియోల వరుసల్లో కనిపించవచ్చు. యాప్ చిన్నదిగా ఉంది కదా అని వదిలేస్తే అసలు బరువు అక్కడే ఉండిపోతుంది. వాట్సాప్ లోపల మేనేజ్ స్టోరేజ్‌లో 5 ఎంబీ దాటినవి, చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి విడివిడిగా చూపిస్తుంది. అక్కడ చూసి తీసుకోండి.

రెండిటిలోనూ క్లియర్ డేటా అన్న బటన్ మాత్రం నొక్కకండి. క్యాష్ వేరు, అది తీస్తే మళ్ళీ తయారవుతుంది. డేటా తీస్తే యాప్ మళ్ళీ కొత్తగా వేసుకున్నట్టే అవుతుంది.

మూర్తి_నైట్‌షిఫ్ట్ · మంగళవారం, మధ్యాహ్నం 1:20

నేను రాత్రిపూట పని చేసేది భూమి కింద ఉన్న అంతస్తులో. సిగ్నల్ ఒక గీత, ఒక్కోసారి అదీ ఉండదు. నా జాబితాలో ఏ యాప్ కూడా 10% దాటదు, కానీ మొబైల్ నెట్‌వర్క్ అన్న వరుస 27% వస్తోంది. ఫోన్ జేబులోనే ఉంటుంది, వాడను. సెలవు రోజు ఇంట్లో ఉంటే అదే వరుస 4% దాటదు. ఏ యాప్‌ని పట్టుకోవాలి నేను?

పద్మజ_ఆండ్రాయిడ్ · మంగళవారం, మధ్యాహ్నం 1:48

మీ కేసులో యాప్‌ల జోలికి వెళ్ళి లాభం లేదు మూర్తి గారూ. సిగ్నల్ బలహీనంగా ఉంటే ఫోన్ టవర్‌కి వినపడడానికి ఎక్కువ పవర్‌తో పంపాలి. అసలు లేకపోతే పదే పదే వెతుకుతుంది. ఇల్లు, పనిచోటు పోల్చి మీరే తేల్చేశారు, అంతకన్నా రుజువు అక్కర్లేదు. పనిచోట వైఫై ఉంటే ఫోన్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి వైఫై విడిగా ఆన్ చేసుకోండి. మీ నెట్‌వర్క్‌లో వైఫై కాలింగ్ ఉంటే కాల్స్ కూడా వస్తాయి.

కిరణ్_టెక్ · మంగళవారం, మధ్యాహ్నం 2:02

5జీ ఆపేసి 4జీ మాత్రమే పెట్టుకుంటే సరిపోతుంది. నా ఫోన్‌లో చాలా తేడా కనిపించింది.

మూర్తి_నైట్‌షిఫ్ట్ · మంగళవారం, మధ్యాహ్నం 2:15

వైఫై ఉంది గానీ మాకు ఇవ్వరు. కిరణ్ గారు చెప్పింది చేసి చూస్తాను.

పద్మజ_ఆండ్రాయిడ్ · మంగళవారం, మధ్యాహ్నం 2:30

చేసి చూడండి, తప్పులేదు. 5జీ కోసం అటూ ఇటూ మారుతున్న చోట దాని వల్ల తేడా వస్తుంది. కానీ అక్కడ 4జీ సిగ్నల్ కూడా ఒక గీతే అయితే వెతుకులాట తగ్గకపోవచ్చు. రెండు సిమ్‌లు ఉంటే పనివేళల్లో ఒకటి ఆపి కూడా చూడండి, రెండూ విడివిడిగా వెతుక్కుంటాయి. రెండూ ఒకే రాత్రి మార్చకండి.

స్వాతి_వి · మంగళవారం, సాయంత్రం 6:12

ఇవాళ్టి లెక్క తెచ్చాను. పొద్దున 7కి 100, సాయంత్రం 6కి 46. నిన్న 38 ఉండేది.

వాతావరణం 1%, ప్లే సర్వీసెస్ 4%. రెండూ బాగా తగ్గాయి. కానీ యూట్యూబ్ 34 నుంచి 40కి పెరిగింది! చూసింది నిన్నటంతే, 2 గంటల 55 నిమిషాలు. ఒకటి తగ్గిస్తే ఇంకోటి ఎందుకు పెరిగింది?

కిరణ్_టెక్ · మంగళవారం, సాయంత్రం 6:18

చూశారా, చివరికి యూట్యూబ్ దగ్గరికే వచ్చాం. అప్‌డేట్ ఏదైనా వచ్చిందేమో చూడండి, లేకపోతే క్యాష్ క్లియర్ చేయండి.

పద్మజ_ఆండ్రాయిడ్ · మంగళవారం, సాయంత్రం 6:45

యూట్యూబ్ పెరగలేదు. నిన్నటి లెక్కే ఇవాళ మళ్ళీ వేద్దాం.

ఇవాళ ఖర్చయింది 54 పాయింట్లు. అందులో 40 శాతం అంటే 21.6. నిన్న 62లో 34 శాతం అంటే 21.1. అయిదు నిమిషాలు ఎక్కువ చూశారు, ఆ కాస్త తేడా దానిదే. యూట్యూబ్ ఖర్చు ఉన్నచోటే ఉంది. పక్కవాళ్ళు తినడం తగ్గించారు కాబట్టి మొత్తం చిన్నదై, అందులో దాని వాటా పెద్దదిగా కనిపిస్తోంది.

వాతావరణం నిన్న 7 పాయింట్లకి కాస్త తక్కువ, ఇవాళ అర పాయింటు. ప్లే సర్వీసెస్ నిన్న అయిదున్నర, ఇవాళ రెండు. రెండూ కలిపి దాదాపు పది పాయింట్లు తగ్గాయి. మీకు మిగిలింది 8. చిన్న తేడా ఎక్కడో ఉంది, దాన్ని పట్టించుకోను. ఫోన్ ఈ అంకెల్ని ఒక్కో యాప్‌కి మీటరు పెట్టి కొలవదు. ఏ భాగం ఎంతసేపు పనిచేసింది, దానికి ఎంత కరెంటు పడుతుంది అన్న అంచనాతో పంచుతుంది. ఒకటి రెండు శాతాల తేడా మీద నిర్ణయాలు తీసుకోవద్దనేది అందుకే.

ప్లే సర్వీసెస్‌ని మనం ముట్టుకోకుండానే అది సగానికి పైగా తగ్గింది. అంటే నిన్న దానికి పని చెప్పింది చాలావరకు ఆ యాప్ అన్నమాట.

కిరణ్_టెక్ · మంగళవారం, సాయంత్రం 6:57

వాటా, పాయింట్లు వేరు వేరుగా చూడాలన్నది ఒప్పుకుంటాను. నేను ఇన్నాళ్ళూ శాతాలే పోల్చుకుంటున్నాను. అయినా రీసెంట్స్ ఖాళీ చేయడం వల్ల నా ఫోన్ బాగుంటుందన్న మాట నాకు అనుభవమే. మీరు చెప్పినట్టు మార్చడానికి నాకు మనసొప్పడం లేదు.

పద్మజ_ఆండ్రాయిడ్ · మంగళవారం, రాత్రి 7:05

మీ ఫోన్‌లో ఏదైనా ఒక యాప్ స్వాతి గారి వాతావరణం యాప్‌లా వెనక నడుస్తూ ఉంటే, అన్నీ తోసేసినప్పుడు దానితో పాటు అదీ ఆగిపోయి మీకు నిజంగానే తేడా కనిపించి ఉండొచ్చు. ఒక రోజు తోసేయకుండా వదిలి జాబితా చూడండి. ఆ ఒక్కటీ దొరికితే మిగతావాటిని తోసే శ్రమ ఉండదు.

ఇందు_కె · మంగళవారం, రాత్రి 7:30

నాకొక సందేహం. నేను అడుగులు లెక్కపెట్టే యాప్ వాడతాను, చేతి గడియారంతో కలిసి పనిచేస్తుంది. అది కూడా వెనక 9 గంటలు అని చూపిస్తుంది, 6% తీసుకుంటుంది. స్క్రీన్ మీద చూసేది నిమిషమే. స్వాతి గారి లెక్క ప్రకారం దీన్ని కూడా ఆపేయాలి కదా?

పద్మజ_ఆండ్రాయిడ్ · మంగళవారం, రాత్రి 7:44

ఇది అంత సులువుగా తేలదు. అడుగులు లెక్కపెట్టమని మీరే అడిగారు కాబట్టి వెనక నడవడం దాని పనే. వెనక పని ఆపితే గడియారంతో సంబంధం తెగి లెక్కలో ఖాళీలు వస్తాయి. మీకు ఖర్చయిన పాయింట్లలో 6 శాతం ఎంతో లెక్కేసుకుని, ఆ మాత్రం ఇవ్వడానికి ఆ అంకెలు మీకు తగునా కాదా అన్నది మీరే చెప్పాలి. లొకేషన్ కూడా ఎల్లవేళలా అడుగుతోందేమో మాత్రం చూడండి. అడుగుల లెక్కకి మోషన్ సెన్సర్ చాలు, నడిచిన దారి మ్యాప్‌లో గీసి చూపించడానికి తప్ప లొకేషన్ అక్కర్లేదు.

ఇందు_కె · మంగళవారం, రాత్రి 7:58

ఎల్లవేళలా అనే ఉంది! దారి గీయడం నేనెప్పుడూ చూడను. వాడుతున్నప్పుడు మాత్రమే అని మార్చాను. గడియారంతో సంబంధం తెగితే మళ్ళీ వచ్చి చెప్తాను.

స్వాతి_వి · మంగళవారం, రాత్రి 8:20

ఉష్ణోగ్రత అంకె లేకపోవడం కాస్త వెలితిగా ఉంది గానీ, యాప్ ఉంచుకుంటాను, తెరిచి చూసుకుంటాను. సగానికి ఇంకా నాలుగు పాయింట్లు తక్కువ ఉంది. ఇప్పుడు బ్రైట్‌నెస్ వైపు చూస్తాను, కిరణ్ గారు మొదటే చెప్పారు. ఆటోమేటిక్ ఆపేసి ఎప్పుడూ పూర్తిగా పెట్టుకుని ఉన్నాను. రెండేళ్ళ బ్యాటరీ కదా, దానిలోనే శక్తి తగ్గిపోయి ఉంటే ఈ జాబితాలో కనిపిస్తుందా?

పద్మజ_ఆండ్రాయిడ్ · మంగళవారం, రాత్రి 8:41

కనిపించదు. బ్యాటరీ పాతబడి కెపాసిటీ తగ్గితే అన్ని యాప్‌ల పాయింట్లూ ఒకే నిష్పత్తిలో పెరుగుతాయి, వాటాలు మాత్రం అలాగే ఉంటాయి. అందుకని జాబితా చూసి పట్టుకోలేం. బ్యాటరీ హెల్త్ చూపించే సెట్టింగ్ మీ ఫోన్‌లో ఉందేమో వెతకండి, ఆండ్రాయిడ్‌లో అన్ని ఫోన్లకీ ఉండదు. లేకపోతే మీ దగ్గర ఒక కొలమానం ఇప్పటికే ఉంది. ఇదే బ్రైట్‌నెస్‌లో యూట్యూబ్‌కి గంటకి ఏడున్నర పాయింట్లు. బ్రైట్‌నెస్ తగ్గించాక కొత్త అంకె రాసుకుని, కొన్ని నెలల తర్వాత అదే బ్రైట్‌నెస్‌లో మళ్ళీ చూడండి. అది పదికి చేరితే అప్పుడు బ్యాటరీ మార్చే సంగతి ఆలోచించవచ్చు.

మూర్తి_నైట్‌షిఫ్ట్ · బుధవారం, ఉదయం 6:50

4జీ మాత్రమే పెట్టి చూశాను. మొబైల్ నెట్‌వర్క్ 27 నుంచి 24కి వచ్చింది. పాయింట్లలో లెక్కేస్తే నిన్నటికీ ఇవాళ్టికీ ఒక పాయింటు కూడా తేడా లేదు. ఇవాళ రాత్రి రెండో సిమ్ ఆపి చూస్తాను.